కనబడని మూడు టిన్నులు

మార్చి 31 రాత్రి ఏ ఊరి బజారులోనైనా ఒక చుట్టు తిరిగి రండి. కొన్ని కొట్ల షట్టర్లు సగమే దించి ఉంటాయి. లోపల లైట్లు వెలుగుతుంటాయి. ఒక కుర్రాడు నిచ్చెన మీద నుంచి అరుస్తుంటాడు, కింద ఇంకొకడు రాసుకుంటుంటాడు. "కందిపప్పు పదకొండు... ఆగు, వెనకాల ఇంకోటుంది, పన్నెండు రాయి." ఏడాదికోసారి జరిగే స్టాక్ లెక్క అది. అకౌంట్లు నేర్చుకునే రోజుల్లో ఆ కింద కూర్చుని రాసిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. అర్ధరాత్రి దాటేసరికి పన్నెండో పదమూడో నిచ్చెన మీదవాడికీ తెలియదు, రాసేవాడికీ తెలియదు. ఆ కాగితం మీదే మర్నాడు ఆడిటరుగారు కొట్టు లాభం తేలుస్తారు.

లాభానికీ ఈ లెక్కింపుకీ సంబంధం ఏమిటో అప్పట్లో నాకు అర్థం కాలేదు. ఎంతకి అమ్మామో బిల్లులు చెబుతాయి. ఎంతకి కొన్నామో అవతలివాళ్ల బిల్లులు చెబుతాయి. రెండూ తీసేస్తే సరిపోదా? సరిపోదు. కొన్నదంతా అమ్ముడుపోదు, అమ్మినదంతా ఈ ఏడు కొన్నదీ కాదు. కావలసింది అమ్ముడైన సరుకుకి మాత్రం పెట్టిన ఖరీదు. అకౌంటెంట్లు దాన్ని కాస్ట్ ఆఫ్ గూడ్స్ సోల్డ్ అంటారు, మనం అమ్మిన సరుకు ఖరీదు అనుకుందాం. అమ్మకాల్లోంచి దాన్ని తీసేస్తే మిగిలేది స్థూల లాభం. జీతాలు, అద్దె, కరెంటు బిల్లు ఆ తర్వాతి మాట.

దాన్ని కనుక్కోవడానికి రెండు దారులున్నాయి. ఇంట్లో బియ్యం డబ్బాతో చెప్తే తేలిగ్గా తెలుస్తుంది. ఈ నెల ఎన్ని బియ్యం వండామో తెలియాలనుకోండి. ఒకటో తారీకున డబ్బాలో ఎంతుందో చూసి, నెలలో కొన్నది కలిపి, నెలాఖరున మిగిలింది కొలిచి తీసేయొచ్చు. లేదా పొయ్యి వెలిగించిన ప్రతిసారీ ఎన్ని సోలలు తీశామో గోడ క్యాలెండరు మీద రాసుకుని చివర కూడుకోవచ్చు. మొదటిది తక్కువ పని. కానీ ఎలుకలు తిన్నదీ, పక్కింటావిడ చేబదులు పట్టుకెళ్లిందీ, పురుగు పట్టిందని పారేసిందీ అందులో "వండినవి"గానే తేలుతుంది. రెండోది రోజూ చాకిరీ. దాని ఫలితం కూడా వేరు: క్యాలెండరు ప్రకారం డబ్బాలో ఎంత ఉండాలో ముందే తెలుసు గనక, కొలిచినప్పుడు తక్కువొస్తే ఆ తక్కువ విడిగా కనబడుతుంది.

వ్యాపార లెక్కల్లో మొదటిది ఆవర్తన పద్ధతి, అంటే గడువుకోసారి లెక్కించేది. రెండోది నిరంతర పద్ధతి. మన కామర్స్ పుస్తకాలు ఈ రెంటికీ పక్కపక్కన పట్టిక గీసి తేడాలు ఇస్తాయి. నాకు ఆ తేడాలన్నీ ఒక్క ప్రశ్నలో ఉన్నాయనిపిస్తుంది. పోయిన సరుకు ఏ పద్దులో చేరుతోంది?

ఒక కొట్టును ఊహించుకుందాం. కిరాణా హోల్‌సేల్. అందులో ఒకే ఒక్క సరుకు చూద్దాం, 15 లీటర్ల పొద్దుతిరుగుడు నూనె టిన్ను. ధరలు లెక్క తేలిగ్గా ఉండడానికి నేను వేసినవి. జీఎస్టీ వేరుగా జమ చేసుకుంటారు గనక ఇందులో కలపలేదు.

మార్చి ఒకటిన కొట్లో 40 టిన్నులున్నాయి, ఒక్కొక్కటీ 1,800కి కొన్నవి. అయిదో తారీకున ఇంకో 60 వచ్చాయి, ధర 1,900కి పెరిగింది. పన్నెండున 70 టిన్నులు 2,100 చొప్పున అమ్మారు. ఇరవయ్యో తారీకున 50 కొన్నారు, ఈసారి 2,000. ఇరవై ఎనిమిదిన 45 అమ్మారు, 2,200 చొప్పున. నెల మొత్తం మీద కొట్టు చేతిలోకి వచ్చినవి 150 టిన్నులు, వాటికి పెట్టింది 2,86,000 రూపాయలు. అమ్మినవి 115, వచ్చింది 2,46,000. నూట యాభైలోంచి నూట పదిహేను పోతే ముప్పై అయిదు ఉండాలి. మార్చి 31 రాత్రి నిచ్చెన మీద కుర్రాడు లెక్కపెడితే 32 ఉన్నాయి.

ఇప్పుడు ఆవర్తన పద్ధతిలో లెక్క కట్టే గుమాస్తా బల్ల దగ్గరికి వెళ్దాం. ఆయన నెలంతా కొనుగోళ్లను కొనుగోళ్ల ఖాతాలో, అమ్మకాలను అమ్మకాల ఖాతాలో రాశాడు. సరుకు ఖాతా జోలికి పోలేదు. అమ్మినప్పుడు ఆ టిన్నుల ఖరీదు ఎంతో ఎక్కడా రాయలేదు. ఇప్పుడాయనకి కావలసిందల్లా 32 టిన్నుల విలువ. ముందొచ్చిన సరుకు ముందు అమ్ముడైందనే లెక్కన, మిగిలినవి చివర్లో 2,000కి కొన్నవే. అంటే 64,000. ఆయన సూత్రం ఇది:

ప్రారంభ సరుకు + కొనుగోళ్లు − ముగింపు సరుకు = అమ్మిన సరుకు ఖరీదు

72,000కి 2,14,000 కలిపి 64,000 తీసేస్తే 2,22,000. అమ్మకాల్లోంచి అది పోగా స్థూల లాభం 24,000. నూటికి పది రూపాయలు కూడా లేదు. షావుకారు నిట్టూర్చి, "మార్జిన్ మరీ పల్చగా ఉంది, ఏప్రిల్ నుంచి టిన్నుకి ఇంకో యాభై వేద్దాం" అంటాడు.

పక్క కొట్లో కూడా అవే టిన్నులు, అవే తారీకులు అనుకోండి. అక్కడి గుమాస్తా నిరంతర పద్ధతి మనిషి. ఆయన దగ్గర కొనుగోళ్ల ఖాతా లేదు, కొన్నదంతా నేరుగా సరుకు ఖాతాలోకి ఎక్కుతుంది. అమ్మకానికి రెండు పద్దులు రాస్తాడు. ఒకటి, అమ్మకం ధరకి: రొక్కమో అప్పో వచ్చింది, అమ్మకాలు పెరిగాయి. రెండోది, కొన్న ఖరీదుకి: ఇంత సరుకు ఖాతాలోంచి పోయి అమ్మిన సరుకు ఖరీదులో చేరింది. పన్నెండో తారీకు 70 టిన్నుల్లో 40 పాతవి, 1,800వి. మిగతా 30 మొన్న వచ్చిన 1,900వి. మొత్తం 1,29,000. ఇరవై ఎనిమిదో తారీకు 45లో 30 ఆ 1,900వే, 15 కొత్తగా వచ్చిన 2,000వి. మొత్తం 87,000. రెండూ కలిపితే అమ్మిన సరుకు ఖరీదు 2,16,000, స్థూల లాభం 30,000. పన్నెండు శాతం పైమాటే.

ఒకే సరుకు, ఒకే అమ్మకం. ఒకరికి 24,000, ఇంకొకరికి 30,000. తేడా 6,000. అంటే మూడు టిన్నులు.

నిరంతర పద్ధతిలో పుస్తకం 35 అంటుంది, నేల మీద 32 ఉన్నాయి. ఈ గుమాస్తా మూడు టిన్నుల ఖరీదు 6,000 సరుకు ఖాతాలోంచి తీసి, "సరుకు తరుగు" అని వేరే పద్దు తెరుస్తాడు. దాన్నీ నష్టంగా రాస్తే రెండు కొట్ల చివరి లాభం ఒకటే, 24,000. చాలామంది ఇక్కడితో ఆగి, ఎలాగూ చివరికి ఒకటే కదా అంటారు. ఒకటి కాదు. ఆవర్తన పద్ధతిలో ఆ మూడు టిన్నులు అమ్ముడైన సరుకులో కలిసిపోయాయి. తీసివేతకి అంతకుమించి తెలియదు. కొట్లో లేనిదల్లా దాని దృష్టిలో అమ్ముడైనదే. అందుకే మొదటి షావుకారు రోగం ఒకటైతే మందు ఇంకొకటి వేస్తున్నాడు. ధరలో తప్పు లేదు, గోదాములో ఉంది.

రెండో కొట్లో మాత్రం ఒక మాట మొదలవుతుంది. మూడు టిన్నులు ఏమయ్యాయి? వెతికితే ఒకటి అడుగున తుప్పు పట్టి కారిపోయిందని, జిడ్డు కనబడకుండా ఊక చల్లారని తేలుతుంది. ఇంకోటి షావుకారుగారి ఇంట్లోనే ఉంది. పదో తారీకున అమ్మగారు ఫోన్ చేస్తే కుర్రాడు స్కూటరు మీద దింపి వచ్చాడు, ఎవరూ రాయలేదు. మూడోది ఏమైందో తెలియదు. ఇప్పుడు ఆ 6,000 కూడా ఒకే ముద్దగా ఉండదు. ఇంటికి వెళ్లిన టిన్ను వ్యాపార ఖర్చే కాదు, యజమాని సొంత వాడకం. అది ఆయన పెట్టుబడిలోంచి తగ్గాలి. నష్టం 4,000 మాత్రమే, చివరి లాభం 26,000. తీసివేతతో తేల్చినాయనకి ఈ 26,000 ఎప్పటికీ దొరకదు. ఇంట్లో పకోడీలు వేయించిన నూనె కూడా ఆయన పుస్తకంలో ఖాతాదారులకి అమ్మిన నూనే.

పన్ను వైపు నుంచి కూడా ఆ మూడు టిన్నులకి విలువుంది. పోయిన, దొంగతనమైన, పాడైన, రాసేసిన సరుకు మీద కొన్నప్పుడు తీసుకున్న ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌ను జీఎస్టీ చట్టం 17(5) సెక్షను ఒప్పుకోదు. సొంతానికి వాడుకున్నదానికీ అంతే. అయిదు శాతం చొప్పున మూడు టిన్నులకి తిరిగి కట్టాల్సింది 300 రూపాయలు. చిన్న మొత్తమే. కానీ టిన్నులు పోయాయనే తెలియని కొట్టు ఆ మూడొందలు కట్టదు. ఇలాంటి సరుకులు కొట్లో రెండు వేలు ఉంటాయి.

ముందొచ్చింది ముందు పోయిందనే లెక్కలో, అంటే ఫిఫోలో, మొత్తాలు రెండు పద్ధతుల్లోనూ కలిశాయి. అది కాకతాళీయం కాదు. ఏడాది చివర చూసినా, ప్రతి అమ్మకం దగ్గర చూసినా, పాత సరుకే ముందు కదులుతుంది, కొత్తదే మిగులుతుంది. సగటు ధరకి వెళ్తే మాత్రం కలవవు. నూనె, పంచదార లాంటి ఏ టిన్ను ఎప్పటిదో చెప్పలేని సరుకుకి చాలా కొట్లు సగటే వాడతాయి గనక ఇది చూడాల్సిందే.

ఆవర్తన పద్ధతిలో సగటు నెలంతటికీ ఒకటే. 2,86,000ని 150తో భాగిస్తే టిన్ను 1,906 రూపాయల 67 పైసలు. మిగిలిన 32కి ఆ ధర కడితే 61,013. అమ్మిన సరుకు ఖరీదు 2,24,987. నిరంతర పద్ధతిలో సగటు ప్రతి కొనుగోలుకీ మారుతుంది. అయిదో తారీకున పాత నలభై, కొత్త అరవై కలిపి టిన్ను 1,860. పన్నెండున అమ్మిన 70కి అదే ధర పడుతుంది, 1,30,200. మిగిలిన ముప్పైకి ఇరవయ్యో తారీకు యాభై కలిస్తే సగటు 1,947 రూపాయల 50 పైసలు. ఇరవై ఎనిమిదిన అమ్మిన 45కి అది, 87,637. పోయిన మూడు టిన్నులనీ అదే ధరకి కలిపితే మొత్తం 2,23,680. రెండింటి మధ్య పదమూడు వందల రూపాయల తేడా ఉంది.

ఆ తేడా ఎక్కడిదంటే, నెలంతా ఒకే సగటు కట్టినప్పుడు ఇరవయ్యో తారీకున 2,000కి కొన్న టిన్నుల ధర పన్నెండో తారీకు అమ్మకానికి కూడా అంటుకుంది. ఇంకా లారీ ఎక్కని సరుకు ధర అప్పటికే అమ్ముడైన సరుకు మీద పడింది. ధరలు పెరిగే నెలల్లో అందువల్ల ఆవర్తన సగటు ఖరీదును కాస్త ఎక్కువ, లాభాన్ని కాస్త తక్కువ చూపిస్తుంది. ధరలు పడిపోయే నెలల్లో ఇది తిరగబడుతుంది. తప్పు అనలేం, రెండూ ఒప్పుకున్న పద్ధతులే. ఒక ఏడు ఇది, ఇంకో ఏడు అది అని లాభం చూసుకుని మార్చడమే తప్పు. కడపట వచ్చింది ముందు పోయిందనే లైఫో అని ఇంకో లెక్క ఉంది, అందులోనూ రెండు పద్ధతుల మొత్తాలు కలవకపోవచ్చు. అమెరికాలో ఇప్పటికీ చెల్లుతుంది. మన అకౌంటింగ్ స్టాండర్డ్ 2 దాన్ని ఒప్పుకోదు, అంతర్జాతీయ ప్రమాణం 2003లో తీసేసింది. పరీక్షలకి తప్ప మనకి దానితో పని లేదు.

ఇంత వివరం ఇచ్చే నిరంతర పద్ధతిని అందరూ ఎప్పటి నుంచో ఎందుకు పట్టుకోలేదు? చాకిరీ. రోజుకి మూడు వందల బిల్లులు కొట్టే చోట ప్రతి సబ్బుబిళ్లకీ కొన్న ఖరీదు వెతికి రాయాలంటే బిల్లు రాసేవాడికి తోడు ఇంకో ఇద్దరు కావాలి. పోయే సబ్బు కన్నా వాళ్ల జీతం ఎక్కువ. నగల కొట్లవాళ్లు మాత్రం కంప్యూటర్లు రాకముందు నుంచీ ప్రతి వస్తువుకీ తూకంతో చీటీ కట్టి, రాత్రి ట్రేలు లెక్కపెట్టాకే ఇనప్పెట్టె మూసేవారు. అక్కడ ఒక్క వస్తువు పోతే గుమాస్తా ఏడాది జీతం పోయినట్టే. ఈ లెక్క మారింది బార్‌కోడ్‌తో. 1974 జూన్ 26న అమెరికాలో ఒహాయో రాష్ట్రం ట్రాయ్ పట్టణంలోని మార్ష్ సూపర్‌మార్కెట్లో ఒక చూయింగ్ గమ్ పొట్లాన్ని తొలిసారి స్కాన్ చేశారు. ఆ బీప్‌తో బిల్లూ పడుతుంది, సరుకు ఖాతాలోంచి ఆ వస్తువూ పోతుంది. రెండో పద్దు రాసే మనిషి అక్కర్లేకుండా పోయాడు.

కానీ యంత్రం చెప్పింది రాస్తుంది, జరిగింది రాయదు. మన నూనె కొట్లోనే 15 లీటర్ల టిన్ను పక్కన 15 కిలోల టిన్ను కూడా ఉంటుంది. చూడడానికి ఒకటే, నూనె నీళ్లకన్నా తేలిక గనక కిలోల టిన్నులో లీటరుకి పైగా ఎక్కువ పడుతుంది. బిల్లు దగ్గర కుర్రాడు హడావుడిలో ఒకదాని బదులు ఇంకోటి నొక్కితే పుస్తకంలో ఒకటి తగ్గుతుంది, గోదాములోంచి ఇంకోటి వెళ్తుంది. అందుకే లెక్క తప్పినప్పుడు అనుభవమున్న గుమాస్తా దొంగని వెతకడు. ముందు పక్క సరుకు చూస్తాడు. ఒకదానిలో నాలుగు తక్కువ, దాని జంటలో నాలుగు ఎక్కువ ఉంటే అది బిల్లు తప్పు. తక్కువ మాత్రమే కనబడి, జంట ఎక్కడా దొరక్కపోతే అప్పుడు తాళాల సంగతి ఆలోచించాలి. తెర మీద మైనస్ నిల్వ కనబడిందంటే, అమ్మకం ఎక్కించాక కూడా కొనుగోలు బిల్లు ఎక్కించలేదనే ఎక్కువసార్లు అర్థం. ఈలోగా ఆ అమ్మకానికి పడిన ఖరీదు పాత ధరదో, ఏ ధరా లేనిదో. దాన్ని నమ్మకూడదు.

కాబట్టి నిరంతర పద్ధతి పెట్టుకున్నా చేత్తో లెక్కపెట్టడం తప్పదు. మార్చి 31 రాత్రి ఒక్కసారే చేయక్కర్లేదు, అంతే. వారానికో అర సరుకు, ఖరీదైనవి నెలకోసారి, చౌకవి ఆరునెలలకి, అలా తిప్పుకుంటూ లెక్కపెడతారు. అలాంటి కొట్లో పొరపాటు వారం వయసులోనే దొరుకుతుంది. ఏ బిల్లులో పడిందో ఆ కుర్రాడికి గుర్తుంటుంది కూడా.

ఆవర్తన పద్ధతికి తనదైన జబ్బు ఒకటుంది. ఏడాది అంచున వచ్చిన సరుకు. మార్చి 31 సాయంత్రం 2,000 చొప్పున ఇంకో పది టిన్నులు దిగాయి, బిల్లు మాత్రం ఏప్రిల్ రెండున చేతికొచ్చిందనుకుందాం. నిచ్చెన మీద కుర్రాడు ఆ పదినీ లెక్కపెట్టేస్తాడు, అవి కొట్లో ఉన్నాయి కదా. గుమాస్తా బిల్లును కొత్త ఏడాది పుస్తకంలో రాస్తాడు, తారీకు అదే కదా. ముగింపు సరుకు 20,000 పెరిగింది, కొనుగోలు పెరగలేదు. అమ్మిన సరుకు ఖరీదు అంతా తగ్గి, లేని లాభం 20,000 వచ్చిపడింది. దానికి పన్ను కట్టేస్తారు. వచ్చే ఏడు కొనుగోలు రెట్టింపై లాభం అంతే తగ్గుతుంది, రెండేళ్లు కలిపితే సరి. ఇద్దరూ చేసింది వాళ్ల మటుకు సరైనదే, అందుకే ఇది దొరకదు. నిరంతర పద్ధతిలో ఇదే జరిగితే పుస్తకం కన్నా నేల మీద పది టిన్నులు ఎక్కువ కనబడతాయి. సరుకు ఎక్కువ రావడం అంటే దాదాపు ఎప్పుడూ రాయని బిల్లే. ఆడిటరు ఆ రాత్రి చివరి గేటు చీటీ నెంబరు, చివరి బిల్లు నెంబరు ముందుగా అడిగి రాసుకునేది అందుకే.

ఇప్పుడు ఎక్కువ కొట్లలో టాలీ ఉంది కదా, అందరూ నిరంతర పద్ధతిలోకి వచ్చేసినట్టేనా? అదొక సందేహం, సమాధానం తెర మీదే ఉంది. కంపెనీ ఫీచర్లలో `Integrate Accounts with Inventory` అనే చోట `No` అని ఉంటే, వస్తువులవారీగా ఎంత రాసుకున్నా లాభనష్టాల ఖాతాలోకి ముగింపు సరుకు విలువను మీరే టైపు చేయాలి. అంటే ఆవర్తన పద్ధతే, కంప్యూటరు బట్టలు వేసుకుంది. `Yes` అని ఉంటే ఆ విలువ వస్తువుల పుస్తకంలోంచి తనంతట వస్తుంది. అప్పుడు కూడా లాభనష్టాల ఖాతా చూడడానికి పాత వర్తకపు ఖాతాలాగే ఉంటుంది: ప్రారంభ సరుకు, కొనుగోళ్లు, ముగింపు సరుకు. ప్రతి అమ్మకానికీ ఖరీదు పద్దు వేరుగా కనబడదు. అందువల్ల లెక్కపెట్టిన తక్కువను స్టాక్ వోచరు ద్వారా మీరు ఎక్కించకపోతే 35 టిన్నులే ముగింపు సరుకుగా నిలబడతాయి. మూడు లేని టిన్నులు ఆస్తుల పట్టీలో 6,000గా కూర్చుంటాయి, లాభం ఆ మేరకు పెరిగి కనబడుతుంది. తీసివేత పద్ధతి పోయిన సరుకును దాచేస్తే, అశ్రద్ధగా నడిపిన నిరంతర పద్ధతి దాన్ని ఇంకా ఉన్నట్టే చూపిస్తుంది. ఆడిటర్లు రెండోదానికే ఎక్కువ భయపడతారు.

చిన్న కొట్టువాళ్లు చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. కాంపోజిషన్ పథకంలో లేని రిజిస్టర్డ్ వ్యాపారి ఎవరైనా ప్రారంభ నిల్వ, వచ్చింది, పోయింది, మిగిలింది రాసిన సరుకు లెక్క ఉంచాలని జీఎస్టీ 56వ నిబంధన చెబుతుంది. పోయిందంటే అమ్మింది ఒకటే కాదు. పోగొట్టుకున్నది, దొంగలెత్తుకెళ్లింది, పాడైంది, ఊరికే ఇచ్చింది, శాంపిల్ పంచింది వేర్వేరుగా ఉండాలి. ఏడాదికోసారి తీసివేత చేసే గుమాస్తా దగ్గర ఆ గడులు నింపడానికి ఏమీ ఉండదు. ఏప్రిల్ ఒకటిన ఆయన కొత్త పుస్తకం మొదటి పేజీలో ప్రారంభ సరుకు 32 టిన్నులు అని రాసుకుంటాడు. మూడు టిన్నులు అప్పటికే పాత పుస్తకంలో అమ్మిన సరుకు కింద ఉన్నాయి.